బాపు గొంతు సన్నబడింది, అమ్మ గొంతు బొంగురుపోయింది: పాత క్యాసెట్ ఏం చెప్పింది?

ప్రశ్న: మేడమ్, మాది కోరుట్ల. మా బాపుకు 72, అమ్మకు 63. రెండేళ్లుగా బాపు ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "అమ్మా, ఇంట్ల సార్ లేరా?" అంటున్నారు. అమ్మ ఎత్తితే "సార్" అంటున్నారు. మొన్న ఇన్సూరెన్స్ పని మీద బాపు ఫోన్ చేస్తే, పాలసీ ఉన్నాయనతోనే మాట్లాడతామని పెట్టేశారు. అప్పటినుంచి ఆయన ఫోన్ ముట్టుకోవట్లేదు. 1993లో మస్కట్ నుంచి ఆయన పంపిన క్యాసెట్ మా దగ్గరుంది, అందులో గొంతు గంభీరంగా ఉంది. బాపుకు ఏమైనా రోగమా? అమ్మది ఎప్పుడూ బొంగురు గొంతే, తను తాగదు గానీ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది కదా, ఆమె గురించి బెంగ లేదు. అసలు గొంతు విని మనిషి వయసు చెప్పొచ్చా? క్యాసెట్‌నూ, ఇద్దరి వాట్సాప్ రికార్డింగులనూ పంపుతున్నాను.

సమాధానం:

అమ్మా, ముందుగా అసలు విషయం చెప్తాను. మీ బాపు గొంతులో నాకు వినిపించింది దాదాపు అంతా వయసే. డాక్టర్‌కు చూపించాల్సింది మీ అమ్మను. అదీ ఈ నెలలోనే. ఎందుకు అంటున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ మాట నాకు చెప్పింది మీరు పంపిన క్యాసెట్టే. మీరు ఎ సైడ్ కోసం పంపారు. బి సైడ్‌లో మీ అమ్మ జవాబు ఉంది. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లల్లో అప్పట్లో చాలామంది ఇట్లనే చేసేవారు: ఒక వైపు ఆయన మాటలు, రెండో వైపు ఇంటివాళ్ల మాటలు. ఆ క్యాసెట్ మళ్లీ మస్కట్ పోయి, మీ బాపు తిరిగొచ్చినప్పుడు సామానులో వెనక్కి వచ్చి ఉంటుంది.

గొంతు ఎట్లా పుడుతుందో రెండు ముక్కల్లో చెప్తే మిగతాది సులువు. స్వరపేటికలో రెండు చిన్న కండర మడతలు ఉంటాయి. ఊపిరితిత్తుల నుంచి గాలి పైకి వస్తుంటే అవి కొట్టుకుంటూ మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటే అన్ని హెర్ట్జ్ అంటాం. పొడుగ్గా, బరువుగా ఉన్న మడత నిదానంగా కొట్టుకుంటుంది, గొంతు లావుగా వినిపిస్తుంది. పొట్టిగా, పలచగా ఉన్నది వేగంగా కొట్టుకుంటుంది, గొంతు సన్నగా వినిపిస్తుంది. తంబుర మీద లావు తీగకూ సన్న తీగకూ ఉన్న తేడాయే ఇది. పసిపిల్లల్లో ఈ మడతలు కొన్ని మిల్లీమీటర్లే, అందుకే ఏడుపు 400 హెర్ట్జ్ దాటుతుంది. మగపిల్లలకు పన్నెండు, పదిహేనేళ్ల మధ్య అవి గబగబా పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి, అంటే సగానికి దిగుతుంది. ఆడపిల్లలకూ దిగుతుంది కానీ కొంచెమే. పెద్దయ్యాక మగవాళ్ల మామూలు మాట 100 నుంచి 130 దగ్గర, ఆడవాళ్లది 200 అటూ ఇటూ నిలబడుతుంది.

ఆ తర్వాత జరిగేదే చాలామందికి తెలియదు. మగవాళ్ల గొంతు ముసలితనంలో పైకి పోతుంది. ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. యాభై ఏళ్లు దూరదూరంగా ఉన్న రెండు గొంతులు ఒకదాని దగ్గరికి ఒకటి వస్తాయి. మీ ఇంట్లో ఫోన్ దగ్గర జరుగుతున్నది ఇదే.

మగవాళ్లలో ఎందుకు పైకి పోతుందంటే, ఆ మడతల్లో ఉన్న కండరం వయసుతో సన్నబడుతుంది. చేతులు, పిక్కలు చిక్కినట్టే అదీ చిక్కుతుంది. బరువు తగ్గిన మడత వేగంగా కొట్టుకుంటుంది. ఇంకొకటి, చిక్కిన మడత అంచు లోపలికి వంగుతుంది. పాత చెక్క తలుపు రెక్కలు వంకరపోతే మూసినా మధ్యలో సందు ఉండి గాలి వస్తుంది చూడండి, అట్లనే గొంతులోనూ గాలి వృథాగా పోతుంది. అందుకే మాటలో గాలి చప్పుడు కలుస్తుంది, ఊపిరి తొందరగా అయిపోతుంది. ఆడవాళ్లలో కథ వేరు. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, మడతల మీది పొర కొంచెం మందమై, నీరు పట్టినట్టు బరువెక్కుతుంది. గొంతు మామూలుగా పదీ ఇరవై హెర్ట్జ్ దిగుతుంది.

ఇప్పుడు మీ క్యాసెట్ దగ్గరికి వద్దాం. పాత టేపు విని "అప్పుడు గొంతు ఇట్ల ఉండె" అనడం తేలికే, కానీ టేపు అబద్ధం చెప్తుంది. రికార్డు చేసినప్పుడు సెల్స్ వీక్‌గా ఉంటే టేపు నిదానంగా తిరుగుతుంది. తర్వాత సరైన వేగంతో వాయిస్తే గొంతు సన్నగా వస్తుంది. వాయించే ప్లేయర్ బెల్టు వదులైతే దానికి ఉల్టా. వేగం ఎంత శాతం మారితే గొంతు అంతే శాతం మారుతుంది. కాబట్టి కొలిచే ముందు టేపు నిజం చెప్తున్నదా లేదా చూడాలి.

మీ బాపు రికార్డింగ్‌లో అందుకు ఒక ఆధారం దొరికింది. ఆయన వెనకాల గదిలో ఏసీ నడుస్తోంది. అక్కడి కరెంటు కూడా మన దగ్గరిలాగే 50 హెర్ట్జ్. ఏసీ మోటారు దానికి రెట్టింపు, అంటే 100 దగ్గర ఒకే తీరుగా గుయ్యిమంటుంది. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి Praat అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిచి చూస్తే, ఆ గీత 100 దగ్గర కాకుండా 103 దగ్గర కనిపించింది. అది నా ప్లేయర్ కరెంటు హమ్ అయి ఉంటే సరిగ్గా 100 దగ్గరే ఉండేది. పైగా ఆయన ఆపిన చోట, టేపు ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఆ గీత లేదు. అంటే ఆ చప్పుడు గదిలోదే, టేపు మూడు శాతం వేగంగా తిరుగుతున్నది. మీ బాపు గొంతు సగటు 121 వచ్చింది, దాన్ని మూడు శాతం తగ్గిస్తే 117. నలభై ఏళ్ల మగమనిషికి చక్కగా సరిపోయే అంకె.

ఇప్పటి వాట్సాప్ రికార్డింగ్‌లో 148 వచ్చింది. మొదట అది చూసి నాకూ ఎక్కువ అనిపించింది. మళ్లీ విన్నాను. ఆయన ఫోన్‌ను దూరంగా పట్టుకుని గట్టిగా అరిచినట్టు మాట్లాడుతున్నారు. గొంతు పెంచితే స్థాయి కూడా పెరుగుతుంది, ఎవరికైనా. అందుకే మీకు ఫోన్ చేసి ఇంకోటి పంపమన్నాను, ఇంట్లో పక్కన కూర్చున్న మనవడితో మాట్లాడినట్టు. అది 139 వచ్చింది. 117 నుంచి 139 అంటే హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి మూడు మెట్లు పైకి. అమెరికాలో హాలియన్, షిప్ అనే ఇద్దరు 1972లో వేర్వేరు వయసుల మగవాళ్ల గొంతులు కొలిచారు. నలభైల్లో ఉన్నవాళ్ల సగటు 107, డెబ్బైల్లో 132, ఎనభైల్లో 146 వచ్చింది. మీ బాపు నడిచిన దారి కూడా సరిగ్గా ఇదే.

అయినా 139 అంటే ఇంకా మగగొంతే కదా, "అమ్మా" అని ఎందుకంటున్నారు? ఇక్కడ ఫోన్‌ది కూడా తప్పుంది. మామూలు ఫోన్ కాల్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపిస్తుంది. అంటే మీ బాపు గొంతులోని అసలు కింది స్వరం అవతలివాళ్ల చెవిలో పడనే పడదు. పై స్వరాల మధ్య దూరాన్ని బట్టి మన మెదడు దాన్ని ఊహించుకుంటుంది. గొంతు గట్టిగా, స్పష్టంగా ఉంటే ఆ ఊహ తప్పదు. గాలి కలిసిన గొంతు అయితే ఆ పై స్వరాలే మసకబారతాయి. దానికి తోడు ఆయన ఫోన్‌లో అరిచి మాట్లాడి 150కి ఎక్కుతారు. 145 నుంచి 165 మధ్య ఉన్న గొంతును ఆడో మగో తేల్చుకోవడం చెవికి కష్టం. అక్కడ గాలి గొంతు వినిపిస్తే చాలామంది ఆడమనిషి అనుకుంటారు.

వయసు చెప్పొచ్చా అన్నారు కదా. చెప్పొచ్చు, కానీ ఏళ్లలో కాదు, ఈడులో. 1966లో టాచెక్, సాండర్ అనే పరిశోధకులు 35 లోపువాళ్ల గొంతులనూ 65 దాటినవాళ్ల గొంతులనూ కలిపి వినిపించి, ఎవరు చిన్న, ఎవరు పెద్ద అని అడిగారు. చదివిన మాటలు వింటే దాదాపు అందరినీ సరిగ్గా చెప్పారు, నూటికి 99. ఒక్క అచ్చు మాత్రం సాగదీసి వినిపిస్తే నూటికి 78కి పడిపోయింది. అంటే వయసు స్థాయిలో ఒక్కదాంట్లోనే లేదు, మాట నడిచే తీరులో ఎక్కువ ఉంది. అదే "ఈయనకు ఎన్నేళ్లు?" అని అడిగితే మాత్రం పదేళ్ల దాకా పొరపాటు మామూలే. ఆ పొరపాటుకూ ఒక తీరుంది: పడుచువాళ్లకు ఎక్కువ చెప్తాం, ముసలివాళ్లకు తక్కువ చెప్తాం, అందరినీ నడివయసు వైపు లాగుతాం. ఒంట్లో సత్తువ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి గొంతు అరవైలా వినిపిస్తుంది. షుగరు, ఆయాసంతో ఉన్న యాభై ఐదేళ్ల మనిషిది అరవై ఐదులా వినిపిస్తుంది. గొంతు చెప్పేది పుట్టిన తేదీని కాదు, ఒంటి పరిస్థితిని.

మాట నడిచే తీరు అంటే ఏమిటో మీ క్యాసెట్‌లోనే చూపిస్తాను. తెలుగులో దీన్ని లెక్కపెట్టడం సులువు, అక్షరాలు లెక్కపెడితే చాలు. 1993లో మీ బాపు ఆపకుండా మాట్లాడిన పది సెకన్లు తీసుకుంటే 58 అక్షరాలు ఉన్నాయి. ఇప్పటిదాంట్లో పది సెకన్లకు 43. "ఇక్కడ అందరం మంచిగున్నం, మీరు పైసల గురించి రంది పెట్టుకోకున్రి, చిన్నదాన్ని బడికి తోలున్రి" అన్న మాటంతా అప్పుడు ఒక్క ఊపిరిలో అన్నారు. అదే మాట ఇప్పుడు చదివి పంపమంటే మూడు ఊపిరులు తీసుకున్నారు. రెండుసార్లు కామా దగ్గర, అది బాగానే ఉంది. ఒకసారి "పైసల" తర్వాత, మాట మధ్యలో. వినేవాళ్లకు వయసు తెలిసిపోయేది ఎక్కువగా ఆ మాట మధ్య ఊపిరి దగ్గరే. ఛాతీ ఎముకల సాగే గుణం తగ్గి ఒక్కసారికి పీల్చే గాలి తగ్గుతుంది, పీల్చినదాంట్లో కొంత ఆ వంగిన తలుపు సందులోంచి పోతుంది.

మాటలు కూడా మారాయి, గమనించారా? క్యాసెట్‌లో "దవఖాన" అన్నారు, "జల్ది" అన్నారు. ఇప్పుడు "హాస్పిటల్" అంటున్నారు. మనిషి పెద్దయ్యాక భాష గట్టిపడిపోతుందని అనుకుంటాం, కానీ చుట్టూ ఉన్నవాళ్ల మాట వయసైనవాళ్ల నోట్లోకీ వస్తుంది. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ ఏటా క్రిస్మస్‌కు ఇచ్చిన ప్రసంగాలను హారింగ్టన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కొలిచి 2000లో రాశారు. ఆమె అచ్చుల ఉచ్చారణ ముప్పై ఏళ్లలో తన దేశంలోని మామూలు జనం మాట వైపు కొంత జరిగిందని తేలింది. ఒకే మనిషి గొంతు ఏళ్ల తరబడి దొరికితే ఒంట్లో వచ్చిన మార్పు ఏది, లోకం తెచ్చిన మార్పు ఏది అని విడదీసి చూడొచ్చు. మీ ఇంట్లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో అలాంటిదే ఉంది. అందుకే ఆ క్యాసెట్ అంటే నాకింత ఇష్టం కలిగింది.

ఇక మీ అమ్మ సంగతి.

బి సైడ్‌లో ఆమె మాట్లాడుతున్నప్పుడు వెనకాల ఏసీ లేదు, ఫ్యాను లేదు. ఒక కోడి, ఇద్దరు పిల్లలు, చాట మీద బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు ఉన్నాయి. టేపు వేగం సరిచూసుకునే ఆధారం దొరకలేదు. కాబట్టి ఆ అంకెను అటూ ఇటూ ఐదు శాతం అనుమానంతోనే తీసుకోవాలి. కొలిస్తే 214 వచ్చింది. ఐదు శాతం తీసేసినా 203. ముప్పై ఒకటేళ్ల ఆడమనిషికి మామూలు గొంతు. అంకెలు పక్కనపెట్టి చెవితో వినండి: గొంతు తేటగా ఉంది. "చిన్నదానికి జరం తగ్గింది, నువ్వు రంది పడకు" అన్నచోట గొంతు తీగలా సాగుతుంది. బొంగురు ఎక్కడా లేదు.

మీరేమో అమ్మది ఎప్పుడూ బొంగురు గొంతే అని రాశారు. మీరు అబద్ధం రాయలేదు. మెల్లగా వచ్చిన మార్పును రోజూ వినే చెవి పట్టుకోలేదు, కొన్నాళ్లకు అదే మొదటినుంచీ ఉన్నట్టు అనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో సగం మంది ఈ మాటే అంటారు. పాత పెళ్లి వీడియో తెమ్మంటే, చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు ఆమెది 164. ఆ అంకె నమ్మడానికి ముందు ఒక జాగ్రత్త తీసుకున్నాను. బొంగురు గొంతును Praat కొన్నిచోట్ల తప్పుగా చదివి సగం అంకె చూపిస్తుంది. గొంతు స్థాయిని చూపించే నీలం గీత ఉన్నట్టుండి 82కి పడిపోతుంది, చెవికి మాత్రం గొంతు అంత దిగినట్టు వినిపించదు. అలాంటి చోట్లన్నీ తీసేశాకే 164 వచ్చింది. తక్కువలో తక్కువ లెక్క వేసినా దాదాపు నలభై హెర్ట్జ్ దిగింది. 1993లో ఆమె సంతోషంగా, కొంచెం గట్టిగా మాట్లాడింది కాబట్టి అందులో ఐదో పదో తీసేద్దాం. అయినా మెనోపాజ్ ఒక్కదానితో ఇంత దిగడం మామూలు కాదు. స్థాయి దిగడం కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. ఒక్క ఊపిరితో "ఆ..." అని సాగదీయమన్నాం కదా. బాపు 11 సెకన్లు అన్నారు, ఆయన వయసుకు సరే. అమ్మ 7 సెకన్లే అంది, అందులో రెండుసార్లు గొంతు తెగింది. తొమ్మిదేళ్లు చిన్నది, ఆయాసం లేదు, మరి ముందుగా ఎందుకు ఆగిపోయింది?

దీనికి కారణం నేను వినికిడితో చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు. కానీ ఏవేవి కావచ్చో చెప్తాను. మొదటిది థైరాయిడ్. అది తగ్గితే స్వరతంతువులు, అంటే ఇందాక చెప్పిన ఆ మడతలే, మందమై గొంతు లావవుతుంది. ఆమె ఈమధ్య బరువు పెరిగిందా, చలికి తట్టుకోలేకపోతుందా, మలబద్ధకం ఉందా అడగండి. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చాలు, తేలిపోతుంది. రెండోది తంతువుల మీది పొరలో నీరు పట్టి ఉబ్బడం. పొగ తాగే ఆడవాళ్లలో ఇది ఎక్కువ, "సార్" అని పిలిపించేది సాధారణంగా ఇదే. మీ అమ్మ బీడీ తాగదని రాశారు. తంబాకు నోట్లో పెట్టుకునే అలవాటు ఉందేమో మెల్లగా అడగండి, సిగ్గుపడి దాచిపెట్టేవాళ్లు ఉంటారు. ముప్పై ఏళ్లు తంబాకు దుమ్ములో కూర్చుంటే గొంతు మంట, పొడి దగ్గు రావడం మామూలే. ఆ దగ్గే తంతువులను రోజూ ఒకదానికొకటి కొడుతుంది. మూడోది, తంతువు మీద గడ్డ. ఎక్కువసార్లు అది మంచి గడ్డే అవుతుంది. కాకపోయే అవకాశం కూడా ఉంది కాబట్టే నేను "ఈ నెలలోనే" అన్నాను.

వయసు వల్ల వచ్చే మార్పుకూ రోగం వల్ల వచ్చేదానికీ తేడా కనిపెట్టడానికి నేను వాడే గుర్తు కాలం. వయసు మార్పు ఏళ్లలో వస్తుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా పెద్దగా మారదు. రోగం చాలాసార్లు వారాల్లో నెలల్లో వస్తుంది. జలుబు, దగ్గు లేకుండా బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే ఎవరికైనా, ఏ వయసులోనైనా స్వరపేటిక లోపల చూడాల్సిందే. మింగేటప్పుడు నొప్పి, చెవిలోకి లాగడం, కఫంలో రక్తం, మెడలో గడ్డ, కారణం లేకుండా చిక్కిపోవడం, వీటిలో ఏది ఉన్నా నాలుగు వారాలు కూడా ఆగొద్దు. చూడటం అంటే భయపడే పని కాదు. సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి గొంతు పైదాకా పంపుతారు. ముక్కులో మందు కొడతారు, కొంచెం గిలిగింతగా ఉంటుంది, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర చేయించొచ్చు. వరంగల్ దాకా రాగలిగితే ఎంజీఎంలో ఈఎన్‌టీ విభాగం ఉంది.

మీ బాపును కూడా ఆ రోజే తీసుకుపోండి, ఒకసారి చూస్తే మీ అందరికీ టెన్షన్ పోతుంది. ఆయన గొంతులో వణుకు గానీ, మాట పూర్తిగా ఒకే స్థాయిలో చప్పగా సాగడం గానీ నాకు వినిపించలేదు. అవి ఉంటే పార్కిన్సన్ లాంటివి చూడమనేదాన్ని. కానీ చెవి పరీక్ష తప్పకుండా చేయించండి. ఫోన్‌ను దూరంగా పెట్టుకుని అరిచే మనిషికి చాలాసార్లు అవతలి మాట సరిగ్గా వినపడట్లేదని అర్థం. వినిపిస్తే అరవరు, అరవకపోతే గొంతు 139 దగ్గరే ఉంటుంది.

గొంతుకు చేయాల్సిన అభ్యాసం ఒకటి చెప్తాను. గ్లాసులో సగం నీళ్లు పోసి స్ట్రాను నీటి పైభాగం నుంచి రెండు, మూడు సెంటీమీటర్లు మాత్రమే ముంచాలి. పెదవులు గట్టిగా బిగించి, స్ట్రాలోంచి "ఊ..." అంటూ బుడగలు ఒకే తీరుగా వచ్చేలా ఊదాలి. చెంపలు ఉబ్బొద్దు, మెడ నరాలు తేలొద్దు. బుడగలు ఆగి ఆగి వస్తే ఊపిరి తెగుతోందని తెలుస్తుంది. అదే స్ట్రాతో "ఊ"ను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జార్చాలి. ఒక్కోసారికి రెండు, మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. నీటి ఒత్తిడి ఎదురు తగలడంతో తంతువులు బలంగా ఢీకొనకుండానే కలుసుకోవడం నేర్చుకుంటాయి. దాని తర్వాత పేపరు ఒక కాలమ్ పైకి చదవమనండి, చదివేటప్పుడు ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో గీత పెట్టించండి. మాట మధ్యలో గీత పడకుండా చదవడమే పని. ఆరు నుంచి ఎనిమిది వారాలు చేస్తే తేడా తెలుస్తుంది. ఎనభై ఏళ్ల ఒగ్గు కళాకారుడు ఒకాయన, కథ చెప్పడం ఆపేసి నాలుగేళ్లయినవాడు, ఇదే అభ్యాసంతో 8 సెకన్ల "ఆ"ను 13కి తెచ్చుకున్నాడు. స్థాయి మాత్రం కిందికి దిగలేదు, దిగుతుందని బాపుకు మాట ఇవ్వొద్దు. గాలి తగ్గి గొంతు గట్టిపడుతుంది, అది చాలు. గొంతు మరీ మూసుకోకపోతే తంతువులోకి ఇంజెక్షన్ ఇచ్చి నింపే పద్ధతి కూడా ఉంది. మీ బాపుకు ఆ అవసరం కనిపించడం లేదు.

ఫోన్‌కు సంబంధించి రెండు పనులు చేయండి. ఆయన ఫోన్ సెట్టింగ్స్‌లో VoLTE అనేది ఆన్‌లో ఉందో లేదో చూడండి. రెండు వైపులా అది ఉంటే కాల్ 50 హెర్ట్జ్ నుంచి 7000 దాకా మోస్తుంది, అప్పుడు ఆయన కింది స్వరం అవతలికి చేరుతుంది. రెండోది, ఎత్తగానే "హలో" అనే బదులు పేరుతో మొదలుపెట్టమనండి. "హలో" ఒక్కటే చిన్న మాట, దాన్ని సాగదీస్తే గొంతు ఇంకా పైకి పోతుంది, వినేవాళ్లు ఆ మొదటి సెకనులోనే ఆడో మగో నిర్ణయించేసుకుంటారు. "నేను ఫలానా మాట్లాడుతున్న" అని తన పేరు, ఊరు చెప్తే మగ పేరు ముందు చెవిలో పడుతుంది, తర్వాత గొంతు అదే పేరుకు అతుక్కుంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు మళ్లీ చేసినప్పుడు పాలసీ నంబరు, పుట్టిన తేదీ, రిజిస్టర్ అయిన ఫోన్‌కు వచ్చే ఓటీపీ అడగమని ఆయనే చెప్పాలి. గొంతు విని మనిషిని నమ్మకపోవడం వాళ్లు చేసిన తప్పు, ఆయన తప్పు కాదని మీరు ఆయనకు గట్టిగా చెప్పండి.

అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకుపోయేటప్పుడు బి సైడ్‌లోంచి ఒక్క నిమిషం ఫోన్‌లోకి ఎక్కించి పట్టుకుపోండి. నేను తీసిన ఫైల్ మీకు పంపాను, కోడి అరుపు తర్వాత మొదలయ్యే ముక్క. "ఎప్పటినుంచి ఇట్ల ఉంది?" అని డాక్టర్ అడుగుతారు. అమ్మ తప్పకుండా "మొదటినుంచీ ఇంతే సార్" అంటుంది. అప్పుడు అది వినిపించండి.